ఎంబీబీఎస్ విద్యార్థుల్లో డిప్రెషన్ మీద థీసిస్: సినాప్సిస్ ఎలా రాయాలి

సైకియాట్రీ పీజీలో చేరిన కొన్నాళ్లకే గైడ్ గారు "టాపిక్ ఏమిటో ఆలోచించుకున్నావా?" అని అడుగుతారు. మనం ఉండేది మెడికల్ కాలేజీలో. విద్యార్థులు ఎదురుగానే ఉంటారు, స్కేల్ ఒక్క పేజీ కాగితం. అందుకే "ఎంబీబీఎస్ విద్యార్థుల్లో డిప్రెషన్ ప్రివలెన్స్" అనే టాపిక్‌ని ఏటా ఎవరో ఒకరు తీసుకుంటూనే ఉంటారు. నేనూ అదే తీసుకున్నాను.

అప్పట్లో మేం ఫారాల మీద పేర్లు వద్దనుకున్నాం. పేరు అడిగితే ఎవరూ నిజం చెప్పరని మా భయం. క్లాసు అయ్యాక పంచాం, నింపి ఇచ్చేశారు, కట్ట కట్టి గదికి తెచ్చుకున్నాను. వారం తర్వాత ఎక్సెల్‌లోకి ఎక్కిస్తుంటే ఒక ఫారం దగ్గర చెయ్యి ఆగిపోయింది. చనిపోతే బాగుండుననే ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్న ఎదురుగా 3 అంకె చుట్టూ నీలం ఇంకుతో రెండుసార్లు సున్నా చుట్టి ఉంది. పక్కన చిన్న అక్షరాలతో "రోజూ" అని రాసి ఉంది. సెకండియర్, అమ్మాయి, హాస్టల్. అంతకు మించి ఆ కాగితం మీద ఏమీ లేదు. అలాంటి అమ్మాయిలు ఆ బ్యాచ్‌లో నలభై మందికి పైనే ఉన్నారు. మర్నాడు మా గైడ్, నేను క్లాసుకు వెళ్లి అందరితో కలిపి మాట్లాడాం, ఫోన్ నంబర్లు ఇచ్చాం. ఆ ఫారం ఎవరిదో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ తప్పు ఫారాలు పంచిన రోజు జరిగింది కాదు, సినాప్సిస్ రాసిన రోజే జరిగింది. ఈ టాపిక్‌లో ఏ స్కేల్ వాడతారు, ఎవరిని ఎంచుకుంటారు, పేర్లు ఉంచుతారా లేదా అన్న మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. వేర్వేరు పేరాలుగా రాసేసి కలిపితే ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఇప్పుడు పీజీల సినాప్సిస్‌లు చూసేటప్పుడు నేను ఏ వరుసలో రాయమంటానో ఇక్కడ చెబుతాను. ఉదాహరణకు ఏడాదికి 150 సీట్లున్న కాలేజీ అనుకుందాం.

ముందు శీర్షికలో మాట తేల్చుకోండి

"ప్రివలెన్స్ ఆఫ్ డిప్రెషన్" అని రాసేముందు మీరు కొలవబోయేది డిప్రెషన్ అనే జబ్బునా, డిప్రెషన్ లక్షణాలనా అన్నది నిర్ణయించుకోవాలి. ఈ రెండూ ఒకటి కావు. తేడా కూడా చిన్నది కాదు.

2016లో జామా పత్రికలో వచ్చిన సమీక్ష ప్రపంచవ్యాప్తంగా వైద్య విద్యార్థుల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి, 27.2 శాతం మందిలో డిప్రెషన్ లేదా డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయని తేల్చింది. అటు మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవాళ్లలో ప్రస్తుతం డిప్రెషన్ ఉన్నవాళ్లు 2.7 శాతం అంది. సినాప్సిస్‌లలో ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి "సాధారణ జనంతో పోలిస్తే వైద్య విద్యార్థుల్లో పది రెట్లు ఎక్కువ" అని రాసేస్తుంటారు. అలా రాయకూడదు. జాతీయ సర్వే ఇంటింటికీ వెళ్లి మినీ అనే ఇంటర్వ్యూతో రోగ నిర్ధారణ చేసింది. జామా సమీక్షలోని అధ్యయనాల్లో చాలావరకు విద్యార్థులు తామే నింపిన ప్రశ్నావళులు. వైద్య విద్యార్థులకు బాధ ఎక్కువే కావచ్చు. కానీ ఎన్ని రెట్లు అన్నది ఈ పోలిక చెప్పలేదు.

మీ దగ్గర ప్రశ్నావళి ఒక్కటే ఉంటే శీర్షికలోనే "డిప్రెషన్ లక్షణాలు" అనో "స్క్రీన్ పాజిటివ్ డిప్రెషన్" అనో రాయండి. ఇంటర్వ్యూ కూడా చేయగలిగితేనే "డిప్రెసివ్ డిజార్డర్" అనండి. సైకియాట్రీ పీజీకి ఇంటర్వ్యూ చేయడం చేతనవుతుంది. కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లకు లేని ఆ వీలు మనకుంది కాబట్టి రెండో దారే పట్టమంటాను.

స్కేల్ ఎంపిక

సినాప్సిస్‌లలో ఎక్కువగా కనిపించేవి నాలుగు: పీహెచ్‌క్యూ-9, బెక్ ఇన్వెంటరీ రెండో కూర్పు, డాస్-21, హామిల్టన్ స్కేల్. హామిల్టన్‌ను ముందే పక్కన పెట్టండి. అది డిప్రెషన్ ఉందని తేలిన రోగిలో తీవ్రత ఎంతో డాక్టర్ కొలిచేది. జబ్బు ఉందో లేదో వెతకడానికి తయారైంది కాదు. బెక్ మంచి స్కేలే, 21 ప్రశ్నలు. కానీ దానికి కాపీరైట్ ఉంది, డబ్బు కట్టి తీసుకోవాలి. నెట్‌లో దొరికిన పీడీఎఫ్‌ను ప్రింట్ తీసి పంచితే ఎథిక్స్ కమిటీలో ఎవరో ఒకరు లైసెన్స్ ఏదని అడుగుతారు. డాస్-21 డిప్రెషన్, యాంగ్జైటీ, ఒత్తిడి మూడింటినీ కొలుస్తుంది. అందులో డిప్రెషన్‌వి ఏడు ప్రశ్నలే, అడిగేది గత వారం గురించి. పైగా రోగ నిర్ధారణ ప్రమాణాలకు సరిపోయేలా రాసినది కాదు.

పీహెచ్‌క్యూ-9లోని తొమ్మిది ప్రశ్నలూ డీఎస్‌ఎంలోని తొమ్మిది లక్షణాలే. అడిగేది గత రెండు వారాల గురించి. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 27. కటాఫ్ 10. వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఖర్చు లేదు. మన విద్యార్థులు ఇంగ్లిషు మీడియంలో చదువుతున్నా తెలుగు కూర్పు కూడా అందుబాటులో ఉంచండి. మీరే కూర్చుని అనువదించకండి, ఉన్న కూర్పునే తీసుకోండి. ఎందుకంటే ఆరో ప్రశ్న లాంటివి ఇంటి భాషలో చదివితే వేరుగా తగులుతాయి. తాను ఫెయిల్యూర్ అనీ, ఇంట్లోవాళ్ల ఆశల్ని వమ్ము చేశాననీ అనిపిస్తోందా అని అడిగే ప్రశ్న అది. ఫీజు కోసం నాన్న పొలం అమ్మిన పిల్లవాడు ఆ వాక్యం దగ్గర ఎంతసేపు ఆగుతాడో ఎదురుగా కూర్చుని చూస్తే తెలుస్తుంది.

అయితే పీహెచ్‌క్యూ-9 ఒక్కదానితో ప్రివలెన్స్ చెప్పేస్తే ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. కటాఫ్ 10 దగ్గర దీని సెన్సిటివిటీ సుమారు 88 శాతం, స్పెసిఫిసిటీ సుమారు 85 శాతం. వంద మంది విద్యార్థుల్లో నిజంగా డిప్రెషన్ ఉన్నది పది మందికే అనుకోండి. ఆ పదిలో తొమ్మిది మంది దాకా పాజిటివ్ వస్తారు. మిగతా తొంభై మందిలో జబ్బు లేకపోయినా 15 శాతం, అంటే పదమూడు పద్నాలుగు మంది పాజిటివ్ వస్తారు. మొత్తం ఇరవై రెండు. ఉన్నది పది, మీరు థీసిస్‌లో రాసేది ఇరవై రెండు. ఇది కేవలం కాగితం మీద లెక్క కూడా కాదు. 2020లో నలభైకి పైగా అధ్యయనాల్ని కలిపి చూసినప్పుడు, అదే మనుషుల్లో పీహెచ్‌క్యూ-9 కటాఫ్ ప్రకారం 24.6 శాతం, స్కిడ్ ఇంటర్వ్యూ ప్రకారం 12.1 శాతం తేలింది. రెట్టింపు.

కాబట్టి పీహెచ్‌క్యూ-9ను జల్లెడలా వాడండి. రెండో దశలో మినీ ఇంటర్వ్యూతో నిర్ధారించండి. మినీకి అనుమతి తీసుకోవాలి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఉందేమో కనుక్కుని, ఆ ఉత్తరాన్ని సినాప్సిస్‌కు జత చేయండి. మినీ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. అది గతంలో మేనియా వచ్చిందా అని అడుగుతుంది. పీహెచ్‌క్యూ-9కు బైపోలార్ ఉన్న పిల్లవాడికీ, మామూలు డిప్రెషన్ ఉన్న పిల్లవాడికీ తేడా తెలియదు.

ఎంతమంది

శాంపిల్ సైజు ఫార్ములా అందరికీ తెలిసినదే.

```
n = Z² × p × (1 − p) / d²
n = 3.84 × 0.27 × 0.73 / 0.0025 ≈ 303
```

ఇక్కడ p మీరు వాడే స్కేల్‌కు తగినదై ఉండాలి. మొదటి దశ పీహెచ్‌క్యూ-9 కాబట్టి ప్రశ్నావళుల నుంచి వచ్చిన 27 శాతాన్ని తీసుకున్నాను. జాతీయ సర్వేలోని 2.7 శాతాన్ని ఇక్కడ పెడితే లెక్క వస్తుంది కానీ అర్థం ఉండదు. d అంటే ఐదు శాతం పాయింట్లు, అంటే 22 నుంచి 32 మధ్య అని. కొందరు p లో 20 శాతం అని తీసుకుంటారు, అప్పుడు d ఐదు కాదు, 5.4 అవుతుంది. ఏది తీసుకున్నా ఫర్వాలేదు. ఏది తీసుకున్నారో రాయాలి. వైవాలో మొదట అడిగేది ఇదే.

మన కాలేజీలో నాలుగు బ్యాచ్‌లు కలిపి 600 మందే ఉన్నారు. శాంపిల్ మొత్తం సంఖ్యలో సగమైనప్పుడు ఆ సంగతి లెక్కలోకి రావాలి. 303ను, 1 + 302/600తో భాగిస్తే 202 వస్తుంది. ఐదుగురిలో ఒకరు ఒప్పుకోరు అనుకుంటే 202ను 0.8తో భాగించాలి, 253. నాలుగు బ్యాచ్‌లకు సమానంగా పంచడానికి 256, బ్యాచ్‌కు 64.

"600 మందినీ తీసుకుంటే పోలేదా?" అని అడుగుతారు. ప్రశ్నావళి ఒక్కటే అయితే తీసుకోవచ్చు. కానీ మీరొక్కరే ఇంటర్వ్యూలు చేయాలి, తొమ్మిదో ప్రశ్నకు అవునన్న ప్రతి విద్యార్థినీ ఆ రోజే ఒక కన్సల్టెంట్ చూడాలి. పట్టించుకోగలిగినంత మందినే పిలవడం మంచిది.

ఒక హెచ్చరిక. ఈ 256 మొత్తం ప్రివలెన్స్ చెప్పడానికి సరిపోతుంది. ఫస్టియర్‌కీ ఫైనలియర్‌కీ తేడా చెప్పడానికి సరిపోదు. ఒక బ్యాచ్‌లో 20 శాతం, ఇంకో బ్యాచ్‌లో 30 శాతం ఉంటే ఆ తేడాను నమ్మకంగా పట్టుకోవడానికి ఒక్కో బ్యాచ్‌లో దాదాపు 290 మంది కావాలి. మీ బ్యాచ్‌లో ఉన్నదే 150. కాబట్టి ఆ పోలికను ప్రధాన లక్ష్యంగా రాయకండి.

ఎవరిని

చాలా సినాప్సిస్‌లలో "సింపుల్ రాండమ్ శాంప్లింగ్" అని రాసి ఉంటుంది. తీరా చూస్తే జరిగేది గూగుల్ ఫారం లింకును క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టడం. ఎంతమంది చూశారో తెలియదు, ఎవరు వదిలేశారో తెలియదు. బాధలో ఉన్నవాడు "నా గురించి ఎవరో అడిగారు" అని ముందే నింపవచ్చు. బాగా కుంగిపోయినవాడు ఆ గ్రూప్‌నే మ్యూట్ చేసి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ జరిగిందో మీకు ఎప్పటికీ తెలియదు. సంఖ్య పెద్దదైతే ఈ చిక్కు తీరుతుందనుకోకండి. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో విడుదల చేసిన నివేదికకు ఆన్‌లైన్ సర్వేలో 25,590 మంది యూజీ విద్యార్థులు జవాబిచ్చారు. సమస్య ఉందని తెలియడానికి అది చాలా విలువైనది. కానీ ఎవరికి వాళ్లు ముందుకొచ్చి నింపినది కాబట్టి దాన్ని ప్రివలెన్స్ అనలేం.

మీ దగ్గర రోల్ నంబర్ల జాబితా ఉంది, అదే మీ శాంప్లింగ్ ఫ్రేమ్. ప్రతి బ్యాచ్‌నూ ఒక స్ట్రేటమ్‌గా తీసుకుని అందులో 64 నంబర్లను కంప్యూటర్‌తో తీయండి.

```
set.seed(41)
sort(sample(1:150, 64))
```

ఇది ఆర్‌లో రెండు లైన్లు. సీడ్ నంబర్‌ను సినాప్సిస్‌లోనే రాసేయండి. రేపు ఎవరైనా అదే నడిపితే అవే రోల్ నంబర్లు రావాలి. ఎంపికైన విద్యార్థి ఒప్పుకోకపోతే పక్క నంబర్‌ని తీసుకోకండి. ఒప్పుకోనివాళ్ల కోసం ముందే కలుపుకున్నారు కదా.

ఇక క్లాసుకు రానివాళ్లు. ఈ అధ్యయనంలో అందరికంటే ముఖ్యమైనవాళ్లు వీళ్లే. డిప్రెషన్‌లో మొదట పడిపోయేది అటెండెన్స్. పొద్దున లేవలేక, మెస్‌కు కూడా వెళ్లలేక గదిలో తలుపు వేసుకుని పడుకున్న పిల్లవాడిని లెక్చర్ హాల్లో పంచిన ఫారం చేరదు. డీటెయిన్ అయినవాళ్లు, సప్లీ బ్యాచ్‌లో ఉన్నవాళ్లు కూడా రెగ్యులర్ క్లాసులో ఉండరు. వాళ్లనూ రోల్ నంబర్ల జాబితాలో చేర్చారో లేదో అకడమిక్ సెక్షన్‌లో అడిగి చూసుకోండి. ఎంపికైనవాళ్లు మొదటి రోజు రాకపోతే మరో రెండు రోజులు వేర్వేరు సమయాల్లో ప్రయత్నిస్తామని రాయండి. చివరికి దొరకనివాళ్ల అటెండెన్స్ శాతాన్ని, దొరికినవాళ్లతో పోల్చి మొత్తంగా చూపిస్తామనీ రాయండి. దానికి పేర్లు అక్కర్లేదు, సగటు చాలు. అకడమిక్ సెక్షన్ నుంచి రెండు సగటు అంకెలు తీసుకుంటే, తప్పిపోయినవాళ్లు ఎలాంటివాళ్లో కొంతైనా తెలుస్తుంది.

ఎప్పుడు

స్కేల్ అడిగేది గత రెండు వారాల గురించి. ఇంటర్నల్స్ అయిన మర్నాడు పంచితే నిద్ర, అలసట, ఏకాగ్రత ప్రశ్నల్లో అందరికీ మార్కులు పడతాయి. ఒక్క ఈ మూడింటితోనే తొమ్మిది దాకా రావచ్చు. అప్పుడు మీరు కొలిచింది పరీక్షల టెన్షన్. పరీక్షలకు ముందూ తర్వాతా మూడేసి వారాలు వదిలేస్తామని రాసి, ప్రతి బ్యాచ్ క్యాలెండర్ చూసుకుని తేదీలు వేయండి.

నెలకొక బ్యాచ్ పెట్టుకోండి. 64 మందిలో యాభై పైచిలుకు మంది ఒప్పుకుంటే, పాజిటివ్ వచ్చినవాళ్లూ, నెగెటివ్ వచ్చినవాళ్లలోంచి లాటరీలో తీసిన కొందరూ కలిపి రెండో దశకు ఇరవై రెండు మంది దాకా వస్తారు. ప్రశ్నావళికీ ఇంటర్వ్యూకీ మధ్య వారం దాటితే ఆ రెండూ ఒకే రెండు వారాల గురించి మాట్లాడవు. వారంలో ఇరవై రెండు ఇంటర్వ్యూలు, రోజుకు నాలుగు, మధ్యాహ్నం ఓపీ అయ్యాక చేసుకోవచ్చు. 256 మందికీ ఒకేసారి పంచితే ఇది కుదరదు.

ఫస్టియర్ బ్యాచ్‌ను చివరికి ఉంచండి. దానికి కారణం వయసు. చేరిన సంవత్సరం డిసెంబరు 31కి పదిహేడు నిండితే ఎంబీబీఎస్ సీటు వస్తుంది. అంటే ఫస్టియర్ మొదటి నెలల్లో కొందరు చట్టం దృష్టిలో మైనర్లే. వాళ్లకు తల్లిదండ్రుల సమ్మతి, వాళ్ల అంగీకారం రెండూ కావాలి. అమ్మానాన్నల సంతకం కోసం పంపడమంటే పిల్లవాడి బాధ గురించి ఇంట్లో ముందే మాట లేపడమే. కొన్ని నెలలు ఆగితే చాలామందికి పద్దెనిమిది నిండుతుంది. ఇంకా నిండనివాళ్లను తీసుకోకుండా, ఎంతమందిని వదిలామో రాయండి.

రెండో దశ, లెక్క కట్టే తీరు

256 మందిలో 210 మంది నింపారు, 46 మందికి 10 లేదా అంతకంటే ఎక్కువ వచ్చింది అనుకుందాం. ఈ 46 మందినీ ఇంటర్వ్యూకు పిలుస్తారు. మిగిలిన 164 మందిలో నలుగురికి ఒకరు చొప్పున 41 మందిని లాటరీలో తీసి వాళ్లనూ పిలుస్తారు. నెగెటివ్ వచ్చినవాళ్లను పిలవడం దండగ అనుకోకండి. స్కేల్ జారవిడిచినవాళ్లు ఎంతమందో తెలిసేది వీళ్ల ద్వారానే. ఇంకో మేలు కూడా ఉంది. అందరిలోంచీ కొందరిని పిలుస్తారు కాబట్టి, పిలుపు వచ్చిందంటే స్కోరు ఎక్కువనే అర్థం క్లాసులో ఎవరికీ రాదు. సమాచార పత్రంలో ఈ మాట స్పష్టంగా రాయండి.

ఇంటర్వ్యూలలో 46 మందిలో 20 మందికి, 41 మందిలో ఒకరికి డిప్రెషన్ ఉందని తేలింది అనుకోండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు 21ని 87తో భాగించి 24 శాతం అనేయడం. ఆ ఒక్క విద్యార్థి నలుగురి తరఫున నిలబడ్డాడు. కాబట్టి 20కి నాలుగు కలపాలి. 24ను 210తో భాగిస్తే 11.4 శాతం. స్కేల్ ఒక్కటే చూస్తే 22 శాతం, తప్పుగా కలిపితే 24, సరిగ్గా కడితే 11. థీసిస్‌లో మూడో అంకెను ప్రివలెన్స్‌గానూ, మొదటి అంకెను స్క్రీన్ పాజిటివ్‌గానూ రాయండి. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌ను ఈ వెయిట్లతోనే కట్టాలి, మామూలు ఫార్ములాతో కడితే ఉన్నదానికంటే ఇరుకుగా వస్తుంది. ఈ వాక్యం రాసేముందు స్టాటిస్టీషియన్ దగ్గర ఒక గంట కూర్చోండి.

ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఎవరి స్కోరు ఎంతో మీకు తెలియకూడదు. తెలిస్తే పాజిటివ్ వచ్చినవాడిలో ప్రతి నిట్టూర్పూ లక్షణంలా కనిపిస్తుంది. అందుకే మీకు 87 కోడ్ నంబర్లు కలగాపులగంగా కలిపిన జాబితా మాత్రమే రావాలి. స్కోర్లు, పేర్లూ మరొకరి దగ్గర ఉండాలి. ఆ మరొకరు ఎవరన్నదే ఎథిక్స్ భాగంలో కీలకం.

ఎథిక్స్: పేరు ఉండాలి, కానీ ఎవరి దగ్గర

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు విద్యార్థుల్ని బలహీన స్థితిలో ఉన్నవాళ్లుగా లెక్కిస్తాయి. ఎందుకంటే వాళ్లకు మార్కులు వేసేవాళ్లే వాళ్లను అడుగుతారు. ప్రిన్సిపాల్ అనుమతి ఇచ్చారంటే మీరు క్యాంపస్‌లోకి వెళ్లవచ్చని మాత్రమే. విద్యార్థి ఒప్పుకున్నట్టు కాదు. సమాచార పత్రాన్ని ఒక రోజు ముందే ఇవ్వండి. ఫారాలు నింపే గదిలో టీచింగ్ ఫ్యాకల్టీ ఎవరూ ఉండకూడదు. అందరికీ కవర్లు ఇవ్వండి. ఇష్టం లేనివాళ్లు ఖాళీ ఫారాన్నే కవర్లో పెట్టి అంటించి ఇవ్వవచ్చని చెప్పండి. అప్పుడు ఎవరు కాదన్నారో పక్కవాడికి కూడా తెలియదు.

ఫారం మీద పేరు ఉండదు, కోడ్ ఉంటుంది. ఏ కోడ్ ఏ రోల్ నంబరో చెప్పే జాబితా ఒక్కరి దగ్గరే, తాళం వేసిన చోట ఉంటుంది. ఆ ఒక్కరు మీరు కాకూడదు, ఎంబీబీఎస్ పరీక్షల్లో కూర్చునేవాళ్లు కాకూడదు. డిపార్ట్‌మెంట్‌లోని క్లినికల్ సైకాలజిస్ట్ గానీ సైకియాట్రిక్ సోషల్ వర్కర్ గానీ దీనికి సరిగ్గా సరిపోతారు. వాళ్ల ఒప్పుకోలు ఉత్తరం జత చేయండి. డేటా పూర్తయిన ఎన్నాళ్లకు ఆ జాబితాను చించేస్తారో కూడా రాయండి.

"పేరు తెలిస్తే నిజం చెప్పరు" అన్న మాట పూర్తిగా తప్పు కాదు. కొందరు తగ్గించి చెబుతారు. అది మీ ఫలితాన్ని కొంచెం కిందికి లాగుతుందని పరిమితుల్లో రాసుకోవచ్చు. నా ఫారంలోని రెండు సున్నాలకు మాత్రం పరిమితుల పేరాలో చోటు లేదు.

ఫలితాలు రాసేటప్పుడు ఐదుగురి కంటే తక్కువ ఉన్న గడిని పట్టికలో చూపకండి. "థర్డ్ ఇయర్, అబ్బాయి, వేరే రాష్ట్రం: 2" అని అచ్చయితే ఆ ఇద్దరూ ఎవరో క్లాసంతా చెప్పేయగలదు.

తొమ్మిదో ప్రశ్న: ఆ రోజే ఏం చేస్తారు

దీనికి సినాప్సిస్‌లో సగం పేజీ కేటాయించండి. "అవసరమైనవారిని సైకియాట్రీ ఓపీకి పంపుతాం" అన్న ఒక్క వాక్యం చాలదు. కమిటీలో నేను కూర్చున్నప్పుడు ముందు ఈ పేజీయే తిప్పుతాను.

కవర్లు తీసుకున్న గంటలోపు జాబితా ఉన్న వ్యక్తి ప్రతి ఫారంలో తొమ్మిదో ప్రశ్న చూడాలి. మొత్తం స్కోరు ఎంతైనా సరే, అక్కడ 1 ఉన్నా సరే, ఆ విద్యార్థిని ఆ రోజే కలవాలి. ఆ ప్రశ్న చనిపోతే బాగుండుననే ఆలోచననూ, తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచననూ కలిపి అడుగుతుంది. కాబట్టి అవునన్న అందరూ ఒకే స్థాయి ప్రమాదంలో ఉండరు. ఆ తేడా కాగితం చెప్పదు, మనిషి ఎదురుగా కూర్చుని అడిగితేనే తెలుస్తుంది. అడిగితే ఆలోచన పుట్టిస్తామేమోనని కమిటీలోని బయటి సభ్యులు తరచూ అంటారు. అడగడం వల్ల అలా జరగదని అధ్యయనాలు చూపించాయని మర్యాదగా వివరించండి.

కలిసేది అధ్యయనంతో సంబంధం లేని ఒక కన్సల్టెంట్ అయితే మంచిది. ఓపీ వరుసలో కాదు, విడిగా ఒక గదిలో. తన క్లాస్‌మేట్లే కేస్ షీట్లు రాసే ఓపీలో ఏ విద్యార్థీ కూర్చోడు. జామా సమీక్షలోనే, స్క్రీన్ పాజిటివ్ వచ్చినవాళ్లలో చికిత్స కోసం వెళ్లినవాళ్లు 15.7 శాతమే. కాలేజీ బయట చూపించుకోవాలనుకునేవాళ్లకు ఊళ్లోని మరో సైకియాట్రిస్ట్‌ను ముందే మాట్లాడి పెట్టుకోండి. టెలీ మానస్ 14416 నంబరును సమాచార పత్రం కింద పెద్ద అక్షరాల్లో వేయండి. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

గోప్యత గురించి అబద్ధపు హామీ ఇవ్వకండి. "ఎవరికీ చెప్పం" అని రాయకూడదు. "మీ అనుమతి లేకుండా కాలేజీకి గానీ ఇంటికి గానీ చెప్పం. మీ ప్రాణానికి ముప్పు ఉందని అనిపిస్తే మాత్రం, దాన్ని ఆపడానికి ఎంత అవసరమో అంతే, ఎవరికి అవసరమో వాళ్లకే, మీకు చెప్పి చెబుతాం" అని రాయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చే వెసులుబాటు కూడా అంతవరకే. విద్యార్థి సంతకం పెట్టేముందే ఈ వాక్యం చదివి ఉండాలి.

ఆ సగం పేజీ కింద ఒక చిన్న పట్టిక వేయండి. జాబితా ఉన్నవారు, కన్సల్టెంట్, వారు లేనప్పుడు చూసే మరొకరు, బయటి సైకియాట్రిస్ట్. ఒక్కొక్కరి పక్కన ఫోన్ నంబరు, ఏ వేళల్లో దొరుకుతారన్నది రాయండి. ఆ తర్వాత మీ డేటా సేకరణ తేదీల్ని ఈ పట్టిక పక్కన పెట్టుకుని చూడండి. శనివారం మధ్యాహ్నం, పండగ సెలవుల ముందు రోజు ఫారాలు పంచేలా ఏదైనా తేదీ ఉంటే దాన్ని సోమవారానికి మార్చండి. ఆ తర్వాతే గైడ్ గారి సంతకానికి తీసుకెళ్లండి.